బ్రియోష్ పిండి: వెన్న కొద్దికొద్దిగా కలిపి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి చేసే పద్ధతి

బ్రియోష్ అంటే వెన్న, గుడ్లు దండిగా వేసి చేసే మెత్తటి బ్రెడ్. దాన్ని చేసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది: "వెన్న వేసేసరికి పిండి జారుగా అయిపోయింది, చేతికి అంటుకుపోతోంది, ఉండ కట్టడానికి రావట్లేదు. ఇంకాస్త మైదా వేయొచ్చా?"

వేయకండి. పిండి అలా జారిపోవడానికి చాలాసార్లు తడి ఎక్కువ కావడం కారణం కాదు. వెన్న వేసే వేళకి పిండికి ఇంకా బలం రాలేదు, లేదా కలిపేటప్పుడు వేడెక్కి వెన్న కరిగిపోయింది. ఈ రెండూ సరిచూసుకుని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే అదే పిండి పొద్దున్నకి గట్టిపడి, ఎలా మలిస్తే అలా వస్తుంది. మైదా పెంచితే మాత్రం బ్రియోష్ ఎండు బన్నులా తయారవుతుంది, ఇక దాన్ని వెనక్కి తేలేం.

కింది కొలతలు ఒక మామూలు బ్రెడ్ టిన్‌కి సరిపోతాయి. టిన్ సుమారు 8 నుంచి 9 అంగుళాల పొడవు, 4 నుంచి 5 అంగుళాల వెడల్పు ఉంటే చాలు.

## కావలసినవి

- మైదా: 300 గ్రాములు
- గుడ్లు: 3 (పెంకు తీశాక 150 గ్రాములు), ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినవి
- చల్లటి పాలు: 40 గ్రాములు
- పంచదార: 40 గ్రాములు
- ఉప్పు: 6 గ్రాములు
- ఇన్‌స్టంట్ ఈస్ట్: 5 గ్రాములు
- ఉప్పు లేని వెన్న: 150 గ్రాములు
- పైన రాయడానికి: ఒక గుడ్డు, ఒక చెంచా పాలు, చిటికెడు ఉప్పు

పనిముట్లలో డో హుక్ ఉన్న స్టాండ్ మిక్సర్, గ్రాముల్లో చూపే త్రాసు, స్క్రాపర్ అవసరం. ఆహారంలో గుచ్చి చూసే థర్మామీటర్ ఉంటే సగం అనుమానాలు తీరిపోతాయి. మిక్సర్ లేనివాళ్లకి చేత్తో చేసే పద్ధతి కింద విడిగా ఉంది.

మైదా ప్యాకెట్ మీద ప్రోటీన్ ఎంతుందో చూడండి. 100 గ్రాములకి 11 నుంచి 13 గ్రాములు ఉంటే ఈ 150 గ్రాముల వెన్నని పిండి హాయిగా మోస్తుంది. 9 లేదా 10 మాత్రమే ఉంటే మొదటిసారికి వెన్న 110 గ్రాములకి తగ్గించండి. అప్పుడూ మంచి బ్రియోషే వస్తుంది, పిండి మాత్రం మొండికేయదు.

ఉప్పున్న వెన్నే దొరికితే పిండిలో వేసే ఉప్పుని 4 గ్రాములకి తగ్గిస్తే సరిపోతుంది. ఇంట్లో చిలికి తీసిన వెన్నలో నీరు ఎక్కువగా, ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది కాబట్టి దీనికి వద్దు. ఇన్‌స్టంట్ ఈస్ట్ బదులు మామూలు డ్రై ఈస్ట్ ఉంటే 6 గ్రాములు తీసుకుని, పాలని గోరువెచ్చగా చేసి అందులో పది నిమిషాలు నాననివ్వండి. గుడ్లు చల్లగా ఉంటాయి కాబట్టి ఆ కొద్ది వేడి వల్ల ఇబ్బంది రాదు.

## వేళలు ముందే చూసుకోండి

సాయంత్రం 6 గంటలకి మొదలుపెడితే 7 లోపు కలపడం పూర్తవుతుంది. 8 దాకా పిండి బయట పొంగుతుంది, తర్వాత ఫ్రిజ్‌లోకి వెళ్తుంది. 9 గంటలకి ఒక్కసారి తీసి గాలి నొక్కాలి, ఆ తర్వాత పొద్దున్న దాకా దాని జోలికి వెళ్లక్కర్లేదు. మర్నాడు 7కి ఉండలు చేసి టిన్‌లో పెడితే 9:30కి ఓవెన్‌లోకి వెళ్తుంది. 10 దాటిన కొద్దిసేపటికి బయటికి వస్తుంది. కోయడానికి 11:30 దాకా ఆగాలి.

## 1. వెన్న లేకుండా పిండి కలపండి

మిక్సర్ గిన్నెలో మైదా, పంచదార, ఉప్పు, ఈస్ట్ వేసి చెంచాతో కలిపేయండి. గుడ్లు, పాలు పోసి తక్కువ వేగం మీద 3, 4 నిమిషాలు తిప్పండి. ఈ దశలో పిండి గట్టిగా, ముద్దలు ముద్దలుగా కనిపిస్తుంది. కంగారుపడి పాలు పోయకండి. పంచదార కరిగేకొద్దీ పిండి దానంతట అదే వదులవుతుంది. అయిదు నిమిషాల తర్వాత కూడా గిన్నె అడుగున పొడి మైదా మిగిలిపోతే అప్పుడు ఒక్క చెంచా పాలు వేయండి, అంతకన్నా వద్దు.

తర్వాత మధ్యస్థ వేగానికి పెంచి 8 నుంచి 10 నిమిషాలు తిప్పండి. మధ్యలో ఒకసారి ఆపి, గోడలకి అంటిన పిండిని స్క్రాపర్‌తో కిందికి లాగండి.

ఇక్కడే తొందరపడేవాళ్లు ఎక్కువ. పిండికి సాగే బలాన్నిచ్చేది గ్లూటెన్ అనే ప్రోటీన్ వల. వెన్న చేరాక అది అల్లుకోవడం చాలా నెమ్మదిస్తుంది, ఎందుకంటే కొవ్వు మైదా రేణువుల చుట్టూ పూతలా పట్టేస్తుంది. పైగా పిండి జారుగా అయిపోయి హుక్ కింద నలగకుండా తప్పించుకుంటుంది. అందుకే ముందు వల అల్లుకోవాలి, ఆ తర్వాతే దాంట్లో వెన్న నింపాలి.

సరిచూసుకోవడం: నిమ్మకాయంత పిండి తుంచి, వేళ్లని కొద్దిగా తడి చేసుకుని నాలుగు వైపులా మెల్లగా లాగండి. చిరగకుండా పలచటి పొరగా సాగి, దాని వెనక వేలి నీడ కనిపించాలి. సాగకముందే తెగిపోయి, అంచు గరగరలాడుతూ ఉంటే ఇంకో 3 నిమిషాలు తిప్పి మళ్లీ చూడండి. ఈ పొర పరీక్ష దాటందే వెన్న జోలికి వెళ్లకండి.

## 2. వెన్నని సరైన స్థితికి తెచ్చుకోండి

పిండి తిరుగుతుండగానే ఈ పని చేసుకోవచ్చు. 150 గ్రాముల వెన్నని సుమారు 15 గ్రాముల చొప్పున 10 ముక్కలు చేయండి.

కావలసింది చల్లగా ఉండి, అదే సమయంలో వంగే వెన్న. ముక్కని వంచితే విరగకుండా వంగాలి. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి మాత్రం నూనె మెరుపు అంటకూడదు. థర్మామీటర్‌లో 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ మధ్య చూపిస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన గట్టి వెన్నని ఈ స్థితికి త్వరగా తేవాలంటే రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి అప్పడాల కర్రతో నాలుగు దెబ్బలు వేయండి. వేడెక్కకుండానే మెత్తబడుతుంది. ఇలా మెత్తబరచాక ముక్కలు కోసుకోవడం సులువు.

మైక్రోవేవ్‌లో పెట్టకండి. బయటికి గట్టిగా కనిపించినా లోపల కరుగుతుంది. ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన వెన్న పిండిలో అంత సాఫీగా పరుచుకోదు.

## 3. వెన్న ఒక్కో ముక్కే వేయండి

మిక్సర్‌ని మధ్యస్థానికి కాస్త తక్కువ వేగంలో ఉంచి మొదటి ముక్క వేయండి. ఇప్పుడు గిన్నెలోకి తొంగి చూడండి. ముందు ముక్క గోడకి పులుముకుంటుంది. పిండి జారుతుంది, పేలికలుగా చీలుతుంది, మీద జిడ్డు మెరుస్తుంది. చెడిపోతోందేమో అనిపిస్తుంది. అర నిమిషం, నిమిషం గడిచేసరికి ఆ మెరుపు తగ్గి, చీలిన పేలికలు మళ్లీ కలిసి, పిండి హుక్ చుట్టూ చేరి గోడలని తుడుచుకుంటూ తిరుగుతుంది. ఎక్కడా పసుపు చార కనిపించకుండా పోయిందంటే రెండో ముక్కకి వేళయిందన్నమాట.

ప్రతి ముక్కకీ ఇదే జరుగుతుంది: చీలడం, కలవడం. గడియారం చూసి వేయకండి, పిండిని చూసి వేయండి. మొదటి ముక్కలు నిమిషంలోపే కలిసిపోతాయి, చివరివాటికి రెండు నిమిషాలు కూడా పట్టొచ్చు. మొత్తం 12 నుంచి 15 నిమిషాల పని. మూడేసి ముక్కలకి ఒకసారి మిక్సర్ ఆపి అడుగు, గోడలు గీకండి. హుక్ అందుకోని అడుగు భాగంలో వెన్న గడ్డ మిగిలిపోతే అది బేకింగ్‌లో కరిగి అక్కడ బొక్క పడుతుంది.

అయిదో ముక్క తర్వాత ఆపి పిండి వేడిమి చూడండి. మిక్సర్ తిప్పుడుకే పిండి వేడెక్కుతుంది, అందుకే గుడ్లూ పాలూ చల్లవి తీసుకున్నాం. 24 డిగ్రీల లోపు ఉంటే అలాగే సాగించండి. 25 దాటితే గిన్నెని హుక్‌తో సహా ఫ్రిజ్‌లో 20 నిమిషాలు పెట్టి, తర్వాత మిగతా ముక్కలు వేయండి. ఆ విరామంలో పిండికి వచ్చే నష్టమేమీ లేదు. 28 దాటాక వెన్న నూనెలా విడిపోవడం మొదలవుతుంది. థర్మామీటర్ లేకపోతే పిండిని అరచేత్తో తాకి చూడండి, చల్లగా తగలాలి. గోరువెచ్చగా తగిలిందంటే అప్పటికే హద్దు దాటింది.

వంటగది బాగా వేడిగా ఉంటే మైదాని, గిన్నెని కూడా ముందే గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

### పిండి విడిపోతే

ముద్ద జిడ్డు ఓడుతూ, గిన్నె అడుగున నూనె చేరి, హుక్ ఉత్తినే తిరుగుతుంటే వెన్న విడిపోయిందన్నమాట. వెంటనే ఆపండి. ఇంకా తిప్పితే ఇంకా వేడెక్కుతుంది. గిన్నెని మూతపెట్టి 30 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి. అంచులు గట్టిపడ్డాక తీసి తక్కువ వేగం మీద 2 నిమిషాలు, తర్వాత మధ్యస్థ వేగం మీద 3, 4 నిమిషాలు తిప్పండి. చాలాసార్లు నూనె తిరిగి పిండిలోకి చేరి ముద్ద కట్టుకుంటుంది. పొర పరీక్ష దాటాకే వెన్న మొదలుపెట్టి ఉంటే ఇది దాదాపు ఎప్పుడూ పనిచేస్తుంది. ఆ పరీక్ష దాటకుండా వెన్న వేసి ఉంటే మాత్రం కొంతే బాగుపడుతుంది. అలాంటి పిండిని చేత్తో ఉండలు కట్టాలని తంటాలు పడకుండా, రాత్రంతా చల్లబరిచి నేరుగా టిన్‌లో సర్ది కాల్చండి. రుచికి లోటుండదు.

## 4. చివరి కలుపు

ఆఖరి ముక్క కలిశాక మధ్యస్థ వేగం మీద ఇంకో 3 నుంచి 5 నిమిషాలు తిప్పండి. పిండి గిన్నె గోడలని వదిలేసి, హుక్‌ని పట్టుకుని టప్ టప్‌మని గోడకి కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఆ చప్పుడు వినిపిస్తే పని అయినట్టే. పట్టులాంటి నిగారింపుతో, మెత్తగా, కొద్దిగా అంటుకునేలా ఉంటుంది. పొర పరీక్ష మళ్లీ చేయండి, ఈసారి మొదటిదానికన్నా పలచగా సాగుతుంది. ఇప్పుడు కూడా పిండి తన ఆకారాన్ని నిలుపుకోకుండా మెల్లగా పరుచుకుంటుంది. అలాగే ఉండాలి. దాన్ని గట్టిపరచడం రాత్రికి ఫ్రిజ్ చూసుకుంటుంది.

### మిక్సర్ లేకపోతే

మైదా, గుడ్లు, పాలు, పంచదార, ఉప్పు, ఈస్ట్ అన్నీ గరిటెతో కలిపి, మూతపెట్టి 40 నిమిషాలు ఫ్రిజ్‌లో వదిలేయండి. నానిన మైదాలో గ్లూటెన్ సగం దానంతట అదే అల్లుకుంటుంది, మీ చేతులకి అంత శ్రమ తగ్గుతుంది. తర్వాత బల్ల మీద వేసి, రెండు చేతులతో ఎత్తి బల్ల మీద కొట్టి, ముందుకి సాగదీసి మడవండి. ఇలా 10 నుంచి 12 నిమిషాలు. బల్ల మీద మైదా చల్లొద్దు, అంటుకున్నది స్క్రాపర్‌తో గీకి మళ్లీ ముద్దలో కలపండి.

వెన్నని ముక్కగా కాక, ముద్ద మీద పలచగా పూసి, పిండిని దాని మీదకి మడిచి పిసకండి. మన చేతుల వేడి మిక్సర్ వేడి కన్నా త్వరగా ఎక్కుతుంది కాబట్టి మూడో వంతు వెన్న కలిసిన ప్రతిసారీ పిండిని 15 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. ఆలస్యమవుతుంది, కానీ ఫలితం మిక్సర్ పిండికి తీసిపోదు.

## 5. బయట ఒక గంట, తర్వాత ఫ్రిజ్‌లోకి

పిండిని శుభ్రమైన గిన్నెలోకి మార్చి, మూతపెట్టి 24 నుంచి 26 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచండి. సుమారు ఒకటిన్నర రెట్లు అయితే చాలు, రెట్టింపు దాకా ఆగక్కర్లేదు, మిగతాది ఫ్రిజ్‌లో జరుగుతుంది. గది 30 దాటి ఉంటే అరగంటే ఉంచండి. ఈ విరామం పూర్తిగా మానేస్తే ఈస్ట్ మేలుకోకముందే చల్లబడిపోయి, పొద్దున్న పిండి బరువుగా, కదలిక లేకుండా ఉంటుంది.

ఇప్పుడు స్క్రాపర్‌తో అంచుల నుంచి మధ్యకి నాలుగు మడతలు వేసి గాలి తీయండి. క్లింగ్ ఫిల్మ్ మీద వేసి, అరచేత్తో నొక్కి అంగుళం మందం పలకగా చేసి, పైన కూడా గాలి తగలకుండా చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉండాలి.

పలకగా ఎందుకు అంటే, గుండ్రటి ముద్ద నడిమి భాగం చల్లబడడానికి గంటలు పడుతుంది. ఈలోగా లోపల ఈస్ట్ జోరుగా పనిచేసి పిండి ఎక్కువ పులిసిపోతుంది. పొద్దున్నకి అంచులు గట్టిగా, నడుమ మెత్తగా మిగులుతుంది. పలక అంతటా ఒకేలా చల్లబడుతుంది. పైగా పొద్దున్న సమానంగా కోసుకోవడం తేలిక.

పెట్టిన గంటకి ఒకసారి తీసి చూడండి. చల్లబడేలోపు కొంత ఉబ్బి ఉంటుంది. చుట్టు విప్పకుండానే అరచేత్తో నొక్కి మళ్లీ పలక చేసి పెట్టేయండి. ఇది మరిచిపోతే పిండి క్లింగ్ ఫిల్మ్‌ని చీల్చుకుని బయటికి రావడం మామూలే.

8 నుంచి 12 గంటలు చక్కగా సరిపోతాయి, 24 దాకా ఉంచొచ్చు. అంతకు మించితే పుల్లటి వాసన వస్తుంది, పొంగే శక్తీ తగ్గుతుంది. తొందరగా ఉంటే కనీసం 4 గంటలైనా ఉంచండి. ఆ లోపు తీస్తే వెన్న గట్టిపడి ఉండదు, ఉండలు కట్టడం కష్టమవుతుంది. ఫ్రీజర్‌లో పెట్టి గంటలో ముగించాలని చూస్తే బయట రాయిలా, లోపల జిగురుగా మిగులుతుంది.

సరిచూసుకోవడం: పొద్దున్న పలకని వేలితో నొక్కండి. గట్టిగా, చల్లగా ఉండి, గుంట పడాలంటే కొంచెం బలం పెట్టాలి. పలకని ఒక చివర పట్టుకుని ఎత్తితే వేలాడిపోకుండా లేవాలి.

## 6. చల్లగా ఉండగానే ఉండలు కట్టండి

టిన్‌కి లోపల వెన్న రాసి, అడుగున బటర్ పేపర్ వేసి ముందే సిద్ధం చేసుకోండి. ఫ్రిజ్‌లోంచి పలక తీశాక మీ చేతిలో ఉన్నది 15 నిమిషాలే.

పిండి మొత్తం సుమారు 680 గ్రాములు వస్తుంది. స్క్రాపర్‌తో 8 భాగాలు చేస్తే ఒక్కోటి 85 గ్రాములు. తూచి చేయండి, లేకపోతే బ్రెడ్ ఒక పక్కకి ఒరిగి పొంగుతుంది. నాలుగింటిని తిరిగి ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగింటితో మొదలుపెట్టండి.

ఒక్కో ముక్కని అరచేత్తో అణిచి, అంచులని మధ్యకి లాగి చిటికెతో నొక్కండి. బోర్లించి, చేతిని గిన్నెలా వంచి దాని మీద ఉంచి, పొడి బల్ల మీద గుండ్రంగా దొర్లించండి. పిండి అడుగు బల్లకి కాస్త పట్టుకుంటేనే పైభాగం బిగుసుకుని నున్నగా అవుతుంది. అందుకే బల్ల మీద మైదా చల్లకూడదు, చల్లితే ఉండ బిగియకుండా జారుతుంది. మరీ అంటుకుంటే అరచేతికి మాత్రం చిటికెడు రాసుకోండి.

మధ్యలో పిండి మెత్తబడి మెరవడం మొదలైతే అక్కడే ఆపేయండి. ఉండలని పళ్లెంలో పెట్టి 15 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, మళ్లీ చేయండి. ఈ దశలో మైదా వేసి గట్టిపరచాలనే ఆలోచన వస్తుంది. ఫ్రిజ్ ఉండగా అది అక్కర్లేదు.

ఉండలని మడత వైపు కిందికి వచ్చేలా, నాలుగేసి చొప్పున రెండు వరసల్లో టిన్‌లో అమర్చండి.

## 7. రెండో పొంగు: వెచ్చటి చోటు వెతకకండి

మామూలు బ్రెడ్‌కి వెచ్చటి చోటు మంచిదే. బ్రియోష్‌కి అదే కీడు చేస్తుంది. 28 డిగ్రీలు దాటితే కాలకముందే వెన్న కరిగి టిన్ అడుగుకి దిగుతుంది. కాల్చాక అడుగు జిడ్డుగా, వేయించినట్టు గట్టిగా వచ్చి, పైభాగం ఎండినట్టు ఉంటే తప్పు ఇక్కడే జరిగింది. వెలిగించి ఆపిన ఓవెన్‌లో పెట్టకండి.

24 నుంచి 26 డిగ్రీల దగ్గర, వదులుగా మూతపెట్టి రెండు, రెండున్నర గంటలు ఉంచండి. మొదటి ముప్పావుగంట ఏమీ జరగనట్టే ఉంటుంది, పిండి చల్లదనం వదలడానికే ఆ సమయం. గది వేడిగా ఉంటే ఉండల మీద జిడ్డు మెరుపు కనిపించగానే టిన్‌ని 15 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి.

సరిచూసుకోవడం: ఉండలు ఒకదాన్నొకటి ఒరుసుకుని, టిన్ అంచుకి సుమారు అర అంగుళం కింద దాకా రావాలి. తడి వేలితో పక్కన మెల్లగా నొక్కండి. గుంట నెమ్మదిగా, సగం దాకా పూడితే సిద్ధం. వెంటనే పూడిపోతే ఇంకో 20 నిమిషాలు ఆగండి. అసలు పూడకపోతే ఆలస్యమైంది, వెంటనే కాల్చేయండి.

## 8. కాల్చడం

ఓవెన్‌ని 180 డిగ్రీలకి 20 నిమిషాల ముందే వేడి చేయండి. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 165 చాలు. గుడ్డు, పాలు, ఉప్పు గిలకొట్టి, మెత్తటి బ్రష్‌తో పలచగా రాసి, అయిదు నిమిషాలాగి రెండోసారి రాయండి. టిన్ అంచు మీదకి కారనివ్వకండి. కారిన గుడ్డు పిండిని గోడకి అతికించేసి, అటువైపు పొంగనివ్వదు.

మధ్య అర కన్నా ఒక మెట్టు కింద పెట్టి 30 నుంచి 35 నిమిషాలు కాల్చండి. పంచదార, గుడ్డు, పాలు ఉండడంతో పైభాగం త్వరగా ఎర్రబడుతుంది. 20 నిమిషాలకే నచ్చిన రంగు వచ్చేస్తే పైన ఫాయిల్ వదులుగా కప్పండి, బయటికి మాత్రం తీయకండి. రంగు చూసి తీసిన బ్రియోష్ నడుమ పచ్చిగా ఉండి, చల్లారాక పక్కలు లోపలికి కుంగిపోతాయి.

నడిమి ఉండల మధ్య థర్మామీటర్ గుచ్చితే 90 డిగ్రీలు చూపాలి. 88 చూపినా ఉడికినట్టే. థర్మామీటర్ లేకపోతే సన్నటి పుల్ల లోతుగా గుచ్చి తీయండి. పుల్లకి తడి పిండి అంటకూడదు. వెన్న తడి తగిలితే అది సహజమే.

టిన్‌లో 10 నిమిషాలు ఉంచి, తర్వాత జాలీ మీదకి తీయండి. ఎక్కువసేపు టిన్‌లోనే ఉంచితే ఆవిరికి అడుగు మెత్తబడుతుంది. గంట దాటాకే కోయండి, వేడి మీద కత్తి పెడితే లోపలి మెత్తదనం ముద్దగా అణిగిపోతుంది.

## తుంచి చూస్తే తెలిసేది

ఒక ఉండని చేత్తో లాగి విడదీయండి. లోపలిది పొరలు పొరలుగా, దారాల్లా సాగుతూ విడిపోతే పిండికి బలమూ, వెన్నకి చోటూ రెండూ కుదిరాయి. కేకులా పొడిపొడిగా రాలితే గ్లూటెన్ తయారవకముందే వెన్న పడింది, మళ్లీ చేసేటప్పుడు 1వ మెట్టులో ఇంకో నాలుగు నిమిషాలు తిప్పండి. కింద అంగుళం మేర దట్టంగా, మైనంలా ఉంటే రెండో పొంగు చాలలేదు, లేదా నడుమ ఉడకలేదు. నూనె ఓడిన అడుగుతో పాటు ఇదే దట్టమైన పట్టీ ఉంటే వేడి ఎక్కువై వెన్న దిగింది. అక్కడక్కడ వెన్న వాసనతో నున్నటి బొక్కలుంటే గిన్నె అడుగు సరిగా గీకలేదు.

ఉండల మధ్య పెద్ద ఖాళీలు కనిపిస్తే చిటికెతో నొక్కిన మడతలు విడిపోయాయన్నమాట. ఉండలకి మైదా ఎక్కువ అంటినప్పుడు ఇది తరచుగా జరుగుతుంది.

## ముందుగా చేసి పెట్టుకోవాలంటే

రాత్రి చల్లబడిన పలకని పొద్దున్న నేరుగా ఫ్రీజర్‌లోకి మార్చి, రెండు పొరలుగా చుట్టి రెండు వారాలు ఉంచొచ్చు. వాడే ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లోకి దింపి, పొద్దున్న 6వ మెట్టు నుంచి మొదలుపెట్టండి. బయట బల్ల మీద కరగనిస్తే అంచులు జారిపోయేసరికి నడుమ ఇంకా గడ్డగానే ఉంటుంది. ఫ్రీజర్ పిండి కాస్త బద్ధకంగా పొంగుతుంది కాబట్టి రెండో పొంగుకి అరగంట ఎక్కువ ఇవ్వండి.

కాల్చిన బ్రియోష్ మూతపెట్టి ఉంచితే రెండు రోజులు బాగుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టకండి, అక్కడ త్వరగా గట్టిపడుతుంది. మిగిలేలా ఉంటే మొదటి రోజే ముక్కలు కోసి ఫ్రీజర్‌లో వేసి, కావలసినప్పుడు నేరుగా టోస్టర్‌లో పెట్టుకోండి.